పద్యాలు చదివే ఛానెల్‌కి ట్రైలర్ స్క్రిప్ట్ రాశాను, చూసి చెప్పండి

పద్యప్రియ · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా పద్యాలు చదివే ఛానెల్ నడుపుతున్నాను. ఇప్పటికి 34 వీడియోలు పెట్టాను. ఛానెల్ పేజీకి కొత్తగా వచ్చినవాళ్లు ఒకసారి చూసి వెళ్లిపోతున్నారు. సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకి పేజీ తెరవగానే పైన ఒక ట్రైలర్ కనిపించేలా పెట్టుకోవచ్చు కదా, నేను ఇన్నాళ్లూ ఆ చోటు ఖాళీగా వదిలేశాను. ఈ వారం కూర్చుని స్క్రిప్ట్ రాశాను. మా లోగో యానిమేషన్ 6 సెకన్లు, ఆ తర్వాత ఇది:

"నమస్కారం. తెలుగు పద్యం మన జాతి సంపద. వెయ్యేళ్ల చరిత్ర ఉన్న ఆ మాధుర్యాన్ని నేటి తరానికి అందించాలనే చిన్న ప్రయత్నమే ఈ ఛానెల్. ఇక్కడ మీరు ప్రాచీన పద్యాలు, శతకాలు, ఆధునిక కవితలు, ఇంకా ఎన్నో ఆణిముత్యాలు వినవచ్చు. పెద్దలకీ పిల్లలకీ విద్యార్థులకీ అందరికీ ఉపయోగపడేలా సరళమైన భాషలో వివరిస్తున్నాం. మా ప్రయత్నం మీకు నచ్చితే లైక్ చేయండి, మీ మిత్రులతో పంచుకోండి, సబ్‌స్క్రైబ్ చేయడం మర్చిపోకండి."

చదివితే 48 సెకన్లు వచ్చింది. వెనకాల వీణ పెట్టాలనుకుంటున్నాను. ఎక్కడైనా మార్చాలా?

---

చిన్నకథలు · శనివారం, 8:15

బాగుందండీ, భాష నిండుగా ఉంది. నాది పిల్లల కథల ఛానెల్. నేను ప్రతి వీడియోకీ ముందురోజు 30 సెకన్ల ట్రైలర్ షార్ట్‌గా వదులుతాను. మీరు కూడా పద్యం సగం చదివి ఆపేసి "మిగతాది రేపు" అంటే జనం ఎదురుచూస్తారు. వారానికి రెండు వదలండి.

---

పద్యప్రియ · శనివారం, 8:22

థాంక్సండీ. నేను అడుగుతున్నది ఒక్కో వీడియోకి ట్రైలర్ గురించి కాదు. ఛానెల్ మొత్తానికీ ఒకటే, పేజీ పైన ఎప్పుడూ ఉండేది. కొత్తవాళ్లకి ఇక్కడ ఏం దొరుకుతుందో చెప్పేది.

---

రేడియోగొంతు · శనివారం, 10:05

అమ్మా, రేడియోలో చాలా ఏళ్లు ప్రకటనలు చదివాను, రాశాను. ఉన్నమాట చెబుతాను, మనసు కష్టపెట్టుకోవద్దు.

మీ స్క్రిప్ట్‌లో "పద్యం" అన్న చోట "సంగీతం" అని పెట్టి చదవండి. "శతకాలు" తీసి "కీర్తనలు" పెట్టండి. ఒక్క వాక్యం కూడా చెడదు. అంటే ఇది మీ ఛానెల్ గురించి రాసింది కాదు, ఏ ఛానెల్‌కైనా అతికేది. 48 సెకన్లలో ఒక్క పద్యపాదం కూడా వినపడలేదు. పద్యం చదివే ఛానెల్‌కి వచ్చిన మనిషి మొదట వినాల్సింది పద్యమే కదా?

మీరు తిరగరాసే ముందు నాకు రెండు సంగతులు చెప్పండి. మీ ఒక్క వీడియోలో మొదటి నుంచి చివరి దాకా ఏం జరుగుతుంది? ఆ 34లో ఏవి ఎన్ని?

---

కటింగ్ టేబుల్ · శనివారం, 10:31

నేను ఎడిటింగ్ చేస్తాను. లోగో యానిమేషన్ తీసేయండి. ఒక క్లయింట్ ఛానెల్‌కి ఇలాగే లోగో, తర్వాత నమస్కారం పెట్టాం. స్టూడియోలో ఆ వీడియో రిటెన్షన్ గ్రాఫ్ తీసి చూస్తే గీత లోగో మీదే జారిపోయింది, నమస్కారం దాకా మిగిలినవాళ్లు తక్కువ. పేజీకి వచ్చినవాళ్లకి మీ పేరు, బొమ్మ పైనే కనిపిస్తూ ఉంటాయి. మళ్లీ అదే చూపించడం ఎందుకు?

వీణ గురించి తర్వాత మాట్లాడతాను, అది వేరే తలనొప్పి.

---

పద్యప్రియ · శనివారం, 11:50

మాస్టారూ, మీరు చెప్పినట్టు "సంగీతం" పెట్టి చదివాను. నిజమే, ఎక్కడా తేడా రాలేదు. రాసేటప్పుడు ఆ సంగతి తోచనే లేదు.

ఒక వీడియోలో ఒకే పద్యం ఉంటుంది. మొదట రాగంతో ఒకసారి చదువుతాను. తర్వాత మాటలు విడగొడతాను, ఎక్కడ ఏ మాట ఏ మాటతో కలిసిపోయిందో చూపిస్తాను. తర్వాత అర్థం. చివర అదే పద్యం మళ్లీ చదువుతాను. ఆరున్నర, ఏడు నిమిషాలు వస్తుంది. సోమవారం ఒకటి, గురువారం ఒకటి పెట్టాలని అనుకుంటాను, కొన్ని వారాలు కుదరదు.

లెక్క ఇప్పుడే వేశాను. భాగవతం పద్యాలు 19, అందులో ఎక్కువ గజేంద్రమోక్షంవే. శతక పద్యాలు 13. ఆధునిక కవితలు రెండే.

---

రేడియోగొంతు · శనివారం, 12:20

ఇప్పుడు విషయం బయటికొచ్చింది. రెండు వీడియోలు పెట్టి "ఆధునిక కవితలు వినవచ్చు" అంటే, వాటి కోసం సబ్‌స్క్రైబ్ చేసినవాడికి వారం వారం భాగవతం వస్తుంది. ఆయన తప్పు లేదు, మీరు చెప్పిన మాట వేరు, ఇచ్చింది వేరు. ఆ మాట తీసేయండి. ఆ కవితలు పది దాటాక మళ్లీ చేర్చుకోవచ్చు.

మీ దగ్గర ఉన్న అసలు సరుకు ఆ మాటలు విడగొట్టడం, విడగొట్టాక మళ్లీ వినిపించడం. మొదటిసారి విన్నప్పుడు చెవికి శబ్దంగా తగిలింది, రెండోసారి మాటగా తగులుతుంది. దాన్ని వర్ణించకండి. నిమిషంలో చేసి చూపించండి. ట్రైలరే ఒక బుల్లి వీడియో కావాలి. గజేంద్రమోక్షంలోంచి రెండు పాదాలు కలిసే చోటు ఒకటి తీసుకోండి, అక్కడ మాటలు బాగా కలిసిపోయి ఉంటాయి.

---

నీలిమ వింటుంది · శనివారం, 2:10

నేను కొత్తగా వచ్చే ప్రేక్షకుల తరఫున రాస్తున్నాను, ఎందుకంటే నేను అదే. తెలుగు మాట్లాడతాను, చదవగలను, కానీ పద్యం వింటే సగం మాటలు అర్థం కావు. అర్థం కావట్లేదని పైకి చెప్పడానికి మొహమాటం. "సరళమైన భాషలో వివరిస్తున్నాం" అని అందరూ అంటారు. వెళ్లి చూస్తే గణాలు, యతులు మొదలవుతాయి, బయటికి వచ్చేస్తాను. మీ ట్రైలర్‌లో నాకు కావలసింది ఒకటే, నాలాంటివాళ్లకి ఇక్కడ చోటుందా లేదా అన్నది తెలియాలి.

---

పద్యప్రియ · శనివారం, 6:45

నీలిమ గారూ, మీ మాట మధ్యాహ్నమంతా మనసులో తిరిగింది. నేను వీడియోలు చేస్తున్నదే మీలాంటివాళ్ల కోసం, ఆ మాట మాత్రం నా స్క్రిప్ట్‌లో లేదు.

మాస్టారు చెప్పినట్టు పోతన గారి "ఎవ్వనిచే జనించు" పద్యం తీసుకున్నాను. అందరికీ ఎంతో కొంత చెవిన పడినదే. రెండో పాదం చివర, మూడో పాదం మొదట ఇలా ఉంటుంది:

"… పరమేశ్వరుఁ డెవ్వఁడు మూల కారణం
బెవ్వఁడు …"

చిన్నప్పుడు నేను "బెవ్వడు" అంటే ఎవరో ఒక దేవుడి పేరు అనుకునేదాన్ని. అక్కడి నుంచే మొదలుపెట్టాను:

*(రాగంతో)* "పరమేశ్వరుఁ డెవ్వఁడు మూల కారణం బెవ్వఁడు…"

"డెవ్వడు. బెవ్వడు. ఈ రెండు మాటలూ తెలుగులో లేవు. రెండింటిలోనూ దాక్కున్నది ఒకటే మాట, ఎవ్వడు. పరమేశ్వరుడు ఎవ్వడు? మూలకారణం ఎవ్వడు? మొసలి నోట చిక్కిన ఏనుగు అడుగుతున్న ప్రశ్నలు ఇవి. ఇప్పుడు మళ్లీ వినండి."

*(మళ్లీ పద్యం)*

ఇక్కడిదాకా వచ్చాను. ఆ తర్వాత ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

---

నీలిమ వింటుంది · శనివారం, 7:02

"ఈ రెండు మాటలూ తెలుగులో లేవు" దగ్గర ఆగిపోయి మళ్లీ పైకి వెళ్లి పద్యం చదువుకున్నాను. నాకు ఇది చాలు.

---

అవధానాభిమాని · శనివారం, 9:30

ఆలోచన చాలా బాగుంది. అయితే ఒక తప్పు దొర్లింది, రికార్డు చేయకముందే సరిచేసుకోండి. ఏనుగు అక్కడ ప్రశ్నలు అడగడం లేదు. పద్యం చివరిదాకా వెళ్లండి. "వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేఁడెదన్" అని ముగుస్తుంది. జగం ఎవనిచే పుడుతుందో, ఎవనిలో లీనమై ఉంటుందో, మూలకారణం ఎవడో, వాణ్ణి శరణు వేడుతున్నాను అని అర్థం. ఆ "ఎవ్వడు"లన్నీ చివర వచ్చే "వాని" అన్న మాట కోసం ఎదురుచూస్తుంటాయి. ప్రశ్నార్థకం పెట్టి చదివితే గొంతు కూడా ప్రశ్నలా పైకి లేస్తుంది, అప్పుడు పద్యం అర్థమే మారిపోతుంది. ఆ ఏనుగుకి సందేహం వచ్చేది "కలఁడో లేఁడో" అన్న పద్యం దగ్గర. ఇక్కడ కాదు.

ఇంకొకటి. మీరు ముక్క కోసి వినిపిస్తున్నారు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. మొదటి పాదం "ఎ"తో మొదలై పదో అక్షరం "మె" దగ్గర మళ్లీ ఆ ధ్వని పలుకుతుంది. పాదం నడుమ నుంచి ఎత్తుకుంటే ఆ నడక పోతుంది. కనీసం ఒక పాదం మొదటి నుంచి చదవండి. నాకు తెలిసి పద్యానికి ప్రాణం ఆ నడకే.

---

పద్యప్రియ · శనివారం, 9:52

ఎంత పెద్ద పొరపాటు చేయబోయానండీ. నా పాత వీడియోలో అర్థం సరిగ్గానే చెప్పాను, ట్రైలర్‌కి కుదించేసరికి చేతిలోంచి జారిపోయింది. మార్చాను: "పరమేశ్వరుడు ఎవడో, అన్నిటికీ మూలకారణం ఎవడో, వాణ్ణే శరణు కోరుతున్నాను అంటోంది మొసలి నోట చిక్కిన ఏనుగు."

పాదం మొదటి నుంచి చదివితే "యెవ్వని యందు డిందు" కూడా వస్తుంది. అప్పుడు "డిందు" అంటే ఏమిటో కూడా చెప్పాలి కదా?

---

రేడియోగొంతు · ఆదివారం, 6:30

అవధానాభిమాని గారు పట్టుకున్న తప్పు మాత్రం బంగారంలాంటిది. కుదించేటప్పుడు అర్థం చెడడం రేడియోలో కూడా చూశాను. పద్యం మొత్తం ఎదురుగా పెట్టుకుని ఆ ముక్క రాయాలి, ముక్క ఒక్కటే చూస్తూ రాయకూడదు.

పాదం మొదటి నుంచి చదవాలన్న మాటతో నేను ఏకీభవించను. వినేవాడి చెవి ఒక్కచోటే నిలవాలి. "డిందు" వచ్చిందంటే చెవి అక్కడ ఆగిపోతుంది, "బెవ్వడు" దాకా రాదు. ఏడు నిమిషాల వీడియోలో పాదం మొత్తం, పద్యం మొత్తం ఎలాగూ ఉంటాయి.

ఇక చదవడం సంగతి. కాగితం మీద గుర్తులు పెట్టుకోండి. మేము ఊపిరికి ఒక గీత, ఆగడానికి రెండు గీతలు పెట్టుకునేవాళ్లం. మొదటిసారి "కారణం" తర్వాత పాదం విరుపు ఉంది కాబట్టి అక్కడ కొంచెం ఆగి "బెవ్వఁడు" అనండి, ఎక్కువమంది చదివేది అలాగే. రెండోసారి "మూల కారణంబెవ్వఁడు" ఒకే ఊపిరిలో కలిపి చదవండి. వినేవాడికి తేడా మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

"తెలుగులో లేవు" తర్వాత రెండు గీతలు. అక్కడ మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు తర్వాతి మాట ఎత్తుకోండి. అక్కడ తొందరపడితే విషయం పోతుంది.

---

అవధానాభిమాని · ఆదివారం, 8:10

మీ అనుభవాన్ని గౌరవిస్తాను, ఒప్పుకోవడం మాత్రం కష్టం. పాదం విరుపు దగ్గర ఆగి చదవడం తప్పు అని నీలిమ లాంటివాళ్లకి అర్థమయ్యేలా చెబుతూ, మొదటిసారి తనే తప్పుగా చదివి వినిపించడం నాకు రుచించడం లేదు. ఛానెల్ పేజీలో అందరికంటే ముందు వినపడేది ఆ చదువే. మొదటిసారీ సరిగ్గానే చదవండి, తేడాని మాటలతో చెప్పండి.

---

శ్రీను పద్యాలు · ఆదివారం, 9:00

కాపీరైట్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. పోతన పద్యానికి ఇబ్బంది లేదు. ఆ రెండు ఆధునిక కవితల వీడియోలు కూడా భయపడకుండా ట్రైలర్‌లో చూపించొచ్చు. కవి పోయి 50 ఏళ్లు దాటితే ఎవరైనా వాడుకోవచ్చు. జాషువా గారు 1971లో పోయారు, కాబట్టి ఎప్పుడో అయిపోయింది.

---

రేడియోగొంతు · ఆదివారం, 9:40

శ్రీను గారూ, 50 ఏళ్లు పాత లెక్క. మన దేశంలో దాన్ని 60కి పెంచి చాలా కాలమైంది. కవి పోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. జాషువా గారివి 2031 చివరిదాకా హక్కులో ఉంటాయి. శ్రీశ్రీ గారు 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా. గురజాడ గారు 1915లోనే పోయారు, ఆయనవి చదువుకోవచ్చు.

అచ్చయిన రచనలోంచి తగుమాత్రం భాగాన్ని నలుగురిలో చదవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. రికార్డు చేసి శాశ్వతంగా ఎక్కించిన వీడియోకి అది వర్తిస్తుందా అన్నది వేరే వాదన. ట్రైలర్ లాంటి చోట ఆ వాదనలోకి వెళ్లకపోవడమే మేలు. పూర్తి వీడియోలకైతే కవి కుటుంబాన్ని అడిగి ఒక ఉత్తరం తీసుకోండి.

---

శ్రీను పద్యాలు · ఆదివారం, 9:55

నేను పదేళ్లుగా 50 అనే అనుకుంటున్నాను. నా ఛానెల్‌లో రెండు వీడియోలు చూసుకోవాలి ఇప్పుడు.

---

కటింగ్ టేబుల్ · ఆదివారం, 11:15

ఇప్పుడు వీణ సంగతి. పద్యం పాతదే అయినా, మీరు వెనకాల పెట్టే వీణ రికార్డింగ్‌కి వేరే హక్కులు ఉంటాయి. "ఉచితం" అని రాసి ఉన్న ఒక తంబుర ట్రాక్ నేను వాడాను. మూడు నెలల తర్వాత కంటెంట్ ఐడీ క్లెయిమ్ వచ్చింది. అదే తంబురని ఎవరో తమ ఆల్బమ్‌లో పెట్టి నమోదు చేసుకున్నారు. చివరికి తీసేశారు, ఈలోపు రెండు వారాలు టెన్షన్. మీ దగ్గర శ్రుతి పెట్టె ఉంటే దాన్ని మీరే పక్కన పెట్టి రికార్డు చేసుకోండి. ఆ ఫైల్ తేదీతో సహా దాచండి.

ఇంకో మాట. శ్రుతి పద్యం కింద మాత్రమే ఉండాలి. "డెవ్వడు. బెవ్వడు." అన్న దగ్గర శ్రుతి ఒక్కసారి ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో మాట స్పష్టంగా నిలుస్తుంది. మళ్లీ పద్యం వచ్చేటప్పుడు శ్రుతి ముందు వచ్చి, ఒక సెకను తర్వాత గొంతు రావాలి.

పాత వీడియోలోంచి పద్యం కోసి తెచ్చి పక్కన కొత్త మాటలు అతికించొద్దు. పాతదాంట్లో గది మోత వేరుగా ఉంటుంది, ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నట్టు వినపడుతుంది. పద్యం, మాటలు ఒకే పూట, మైక్ కదపకుండా రికార్డు చేయండి. పద్యానికి గొంతు పెద్దదవుతుంది కాబట్టి ముందు పద్యానికి లెవెల్ సరిచూసుకుని, తర్వాత మాటల్ని ఎడిటింగ్‌లో కొంచెం పెంచండి. ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, ఇయర్‌ఫోన్‌లో ఒకసారి వినండి. ఫోన్‌లో మాటల కోసం సౌండ్ పెంచి, పద్యం రాగానే తగ్గించాల్సి వస్తే లెవెల్ కుదరలేదని అర్థం.

తెర మీద పద్యం చూపిస్తారా?

---

పద్యప్రియ · ఆదివారం, 12:30

చూపించాలనే ఉంది. కిందటి వీడియోలో నా ఎడిటింగ్ యాప్‌లో ఒత్తులు విడిపోయాయి. "ఎవ్వఁడు"లో వత్తు పక్కకి జరిగిపోయి వేరే అక్షరంలా కనిపించింది. అరసున్న అయితే డబ్బాలా వచ్చింది.

---

కటింగ్ టేబుల్ · ఆదివారం, 12:48

ఆ యాప్‌లో తెలుగు టైప్ చేయకండి. ఒత్తులు సరిగ్గా కనిపించే చోట రాసి, పారదర్శకమైన బ్యాక్‌గ్రౌండ్‌తో పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని అది వీడియోలోకి తెచ్చుకోండి. డబ్బా వచ్చిందంటే ఆ ఫాంట్‌లో అరసున్న లేదు, ఫాంట్ మార్చాలి.

తెర మీద మూడు బొమ్మలు చాలు. మొదటిది "కారణం", దాని కింది వరుసలో "బెవ్వఁడు". రెండోదాంట్లో కింద ఉన్న "బె" ఒక్కటే రంగు మారుతుంది. మూడోది ఒకే వరుసలో "కారణంబు", కొంచెం ఎడం వదిలి "ఎవ్వఁడు". మూడోది "ఒకటే మాట, ఎవ్వడు" అన్న మాటతోపాటే పడాలి, ముందు పడకూడదు. పద్యం నాలుగు పాదాలూ పెట్టొద్దు, ఫోన్‌లో ఉత్పలమాల పాదం ఒక వరుసలో పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి.

---

చిన్నకథలు · ఆదివారం, 1:20

ఇప్పుడు అర్థమైందండీ మీరు అడిగింది. నా ఛానెల్ ట్రైలర్ కూడా "నమస్కారం పిల్లలూ, మన ఛానెల్‌కి స్వాగతం" అనే మొదలవుతుంది. దాన్ని కూడా మార్చాలనిపిస్తోంది. ఒక్క అనుమానం, చివర సబ్‌స్క్రైబ్ చేయమని అడగక్కర్లేదా?

---

రేడియోగొంతు · ఆదివారం, 2:00

అడగొచ్చు. కానీ కొత్తగా వచ్చినవాడికి అది రెండో అడుగు. మొదటి అడుగు ఏ వీడియో చూడాలో తెలియడం. 34 వీడియోలు ఎదురుగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు. ఒక ప్లేలిస్ట్ పేరు చెప్పి "ఇక్కడ మొదలుపెట్టండి" అనండి. దాన్నే పేజీలో ట్రైలర్ కింద మొదటి వరుసగా పెట్టండి. చెప్పిన పేరు, కింద కనిపించే పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

---

పద్యప్రియ · ఆదివారం, 8:40

మొత్తం తిరగరాశాను. గీతలు మాస్టారు చెప్పినట్టే పెట్టుకున్నాను.

*(శ్రుతి, ఒక సెకను. రాగంతో)*
పరమేశ్వరుఁ డెవ్వఁడు / మూల కారణం / బెవ్వఁడు //

*(శ్రుతి ఆగుతుంది)*
డెవ్వడు. / బెవ్వడు. / ఈ రెండు మాటలూ తెలుగులో లేవు. //
రెండింటిలోనూ ఉన్నది ఒకటే మాట, / ఎవ్వడు. //
పరమేశ్వరుడు, ఎవ్వడు. / మూలకారణంబు, ఎవ్వడు. /
పరమేశ్వరుడు ఎవడో, అన్నిటికీ మూలకారణం ఎవడో, / వాణ్ణే శరణు కోరుతున్నాను అంటోంది / మొసలి నోట చిక్కిన ఏనుగు. //
ఇప్పుడు మళ్లీ వినండి.

*(శ్రుతి, ఒక సెకను. రాగంతో, ఒకే ఊపిరిలో)*
పరమేశ్వరుఁ డెవ్వఁడు మూల కారణం బెవ్వఁడు //

*(శ్రుతి తగ్గుతుంది)*
ఈ ఛానెల్‌లో ప్రతి వీడియోకీ ఒకే ఒక్క పద్యం. / ముందు వింటాం. మాటలు విడదీసుకుంటాం. అర్థం తెలిశాక అదే పద్యం మళ్లీ వింటాం. / ఏడు నిమిషాలు పడుతుంది. /
భాగవతం పద్యాలు, శతక పద్యాలు ఉన్నాయి. / ఛందస్సు తెలియక్కర్లేదు, / తెలుగు మాట్లాడితే చాలు. //
కింద "గజేంద్రమోక్షం, ఒక్కో పద్యం" అన్న వరుస ఉంది. మొదటి వీడియోతో మొదలుపెట్టండి.

స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చదివాను. 66, 71, 68 సెకన్లు వచ్చాయి. 66 వచ్చినప్పుడు "తెలుగులో లేవు" తర్వాత ఆగలేదని రికార్డింగ్ వింటే తెలిసింది.

సోమ, గురువారాల మాట పెట్టలేదు. నేను తప్పిన వారాలు ఉన్నాయి కాబట్టి గొంతుతో చెప్పడానికి మనసొప్పలేదు.

---

రేడియోగొంతు · ఆదివారం, 9:15

రోజులు చెబితే బాగుండేదమ్మా. వినేవాళ్లు రోజు గుర్తుపెట్టుకుని వస్తారు, రేడియో నడిచిందే దాని మీద.

---

కటింగ్ టేబుల్ · ఆదివారం, 9:24

నేను పెట్టొద్దనే అంటాను. ట్రైలర్ ఏడాది పాటు ఉంటుంది, రోజులు మారితే మొత్తం మళ్లీ రికార్డు చేయాలి. ఛానెల్ వివరణలో రాసుకోండి, అక్కడైతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కంప్యూటర్‌లో చూసేవాళ్లకి ట్రైలర్ పక్కనే దాని శీర్షిక, వివరణలో మొదటి వరుసలు కనిపిస్తాయి. అందుకని శీర్షిక "ఛానెల్ ట్రైలర్" అని పెట్టకండి. "బెవ్వడు అంటే ఎవరు?" అని పెట్టండి.

పెట్టే చోటు: యూట్యూబ్ స్టూడియోలో `Customization` తెరిచి, `Home` ట్యాబ్‌లో సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకి చూపించే వీడియోగా దీన్ని ఎంచుకోండి. సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి వేరే వీడియో పెట్టే వీలు అక్కడే పక్కన ఉంది, అందులో మీ కొత్త వీడియో పెట్టండి.

---

అవధానాభిమాని · ఆదివారం, 10:05

అర్థం సరిగ్గా కుదిరింది, సంతోషం. "కారణం / బెవ్వఁడు" అని విరిచి చదవడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. ఇంకొక మాట, రాగం. ఏనుగు ప్రాణం మీదకి వచ్చి వేడుకుంటున్న పద్యం అది. రాగం ఎక్కువైతే వేడికోలు పోయి కచేరీ అవుతుంది. రెండోసారైనా రాగం లేకుండా, మాటల బలంతో చదివి చూడండి.

---

పద్యప్రియ · బుధవారం, 9:20

రెండు రోజులు రికార్డింగ్ మీదే ఉన్నాను. అవధానాభిమాని గారూ, రెండోసారి రాగం లేకుండా చదివి చూశాను. మా ఇంట్లో ఇద్దరికి వినిపిస్తే ఒకరికి అదే నచ్చింది, ఒకరికి పద్యం మధ్యలో ఆగిపోయినట్టు అనిపించింది. నేను కూడా ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి రెండుసార్లూ రాగంతోనే ఉంచాను, రెండోసారి బాగా తగ్గించి. విరుపు మాత్రం మాస్టారు చెప్పినట్టే ఉంచాను, క్షమించండి.

నిన్న రాత్రి పేజీలో పెట్టాను. పాత ఆధునిక కవితల వీడియోలు రెండూ ప్రస్తుతానికి ప్రైవేట్‌లో ఉంచాను, ఒక కవి కుటుంబానికి ఉత్తరం రాస్తున్నాను.

---

నీలిమ వింటుంది · బుధవారం, 1:35

చూశానండీ. చూశాక పుస్తకం తీసి పద్యం మొత్తం నేనే చదివాను. మూడో పాదం చివర "సర్వముఁ దాన యైన వాఁ" అని ఆగి, నాలుగో పాదం "డెవ్వఁడు" అని మొదలైంది. ఇది కూడా అంతేనా? "అయినవాడు, ఎవ్వడు"?

---

పద్యప్రియ · బుధవారం, 1:41

అంతే నీలిమ గారూ. మూడో పాదంలోనే ఇంకొకటి కూడా ఉంది, "లయుఁ" దగ్గర చూడండి.

---

నీలిమ వింటుంది · బుధవారం, 1:58

"లయుడు, ఎవ్వడు." దొరికింది. మొదటి పాదంలో "జగ మెవ్వని" కూడా అలాంటిదే కదా, "జగము, ఎవ్వని"?